ముందు రోజులు, తర్వాత కోతలు

"ఏడాదికి 3 లక్షలన్నారు. అంటే నెలకు పాతిక వేలు. బ్యాంకులో 17,936 పడ్డాయేంటి మేడమ్?"

2025 మార్చి మొదటి వారం. బాలానగర్‌లో ఒక చిన్న కర్మాగారం ఆఫీసులో ఆడిట్ పని మీద కూర్చుని ఉన్నాను. అడిగినవాడు చేరి ఆరు నెలలైన కుర్రాడు. నాన్నకు కంటి ఆపరేషనంటే ఫిబ్రవరి 17 నుంచి 20 దాకా ఊరెళ్లాడు. అప్పటికే సెలవులన్నీ అయిపోయాయి కాబట్టి ఆ నాలుగు రోజులూ లాస్ ఆఫ్ పే కింద పడ్డాయి. జీతాలు చూసే ఆవిడ సమాధానం చెప్పకుండా మానిటర్ అతనివైపు తిప్పి, "ఎడమ నుంచి కుడికి చదువు బాబూ" అంది. నేనూ చదివాను. ఎన్నో జీతాల షీట్లు చూశాను గానీ, ఇంత పద్ధతిగా కట్టింది అరుదు. దాని పనితనమంతా ఒక్క విషయంలో ఉంది: ఏ కోత ముందు, ఏది వెనుక అన్న వరుసలో.

షీటు మొదటి గడిలో 25,000 ఉంది. పక్క గడిలోనే అందులోంచి 1,800 తీసేసి ఉంది. అది కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్. సీటీసీ అంటే కంపెనీకి అయ్యే ఖర్చు కాబట్టి, కంపెనీ కట్టే పీఎఫ్ కూడా ఆ 3 లక్షల్లోనే కలిసి ఉంటుంది. (కొన్ని కంపెనీలు గ్రాట్యుటీని కూడా కలుపుతాయి. ఇక్కడ కలపలేదు.) మిగిలిన 23,200 గ్రాస్. పే స్లిప్‌లో ఆదాయం వైపు కనిపించేది ఇదే. ఇందులో బేసిక్ 12,500, ఇంటద్దె అలవెన్సు 5,000, స్పెషల్ అలవెన్సు 5,700. చాలామంది తమకు పీఎఫ్ రెండుసార్లు కోశారనుకునేది ఇక్కడే. కంపెనీ వాటా గ్రాస్‌కు ముందే పక్కకు వెళ్తుంది, ఉద్యోగి వాటా గ్రాస్ తర్వాత పోతుంది. రెండూ జమయ్యేది మాత్రం అతని పేరు మీదే. ఆవిడ ఈ రెండిటినీ వేర్వేరు రంగుల్లో, గ్రాస్‌కు అటొకటి ఇటొకటి పెట్టింది. రంగు చూస్తేనే సంగతి తెలుస్తుంది.

సెలవు లేని నెలయితే లెక్క సులువు. 23,200లో ఉద్యోగి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 21,200. ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు. గ్రాస్ 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ కూడా లేదు. పని తెలిసినవాళ్లెవరో బయటపడేది సెలవు పడ్డ నెలలో.

తొందరలో చాలామంది చేసే పని ఒకటుంది. చేతికొచ్చే 21,200ని 28తో భాగించి, నాలుగు రోజులది తీసేస్తారు. 18,171 వస్తుంది. చూడటానికి న్యాయంగానే ఉంటుంది, కుర్రాడికి 235 రూపాయలు ఎక్కువ కూడా వస్తాయి. కానీ ఆ అంకెను విప్పి చూస్తే అందులో వృత్తి పన్ను 171 రూపాయలుగా, పీఎఫ్ 1,543గా తేలతాయి. తెలంగాణలో వృత్తి పన్ను 171 అనే అంకే లేదు. నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. అది మెట్లలాంటిది, రోజుల చొప్పున జారదు. పీఎఫ్ సంగతి మరో రకం, దానికొక పైకప్పు ఉంది. ఒకటి మెట్లు, ఒకటి కప్పు ఉన్నప్పుడు, అన్నీ కోసేశాక మిగిలినదాన్ని రోజులతో భాగిస్తే రెండూ చెడతాయి.

అందుకే ఆవిడ షీటులో సెలవు అన్నిటికంటే ముందొస్తుంది. అదీ కోతగా రాదు. "ఇన్ని రోజులు రాలేదు, ఇంత తీసెయ్" అని కాకుండా "ఇన్ని రోజులకు జీతం ఉంది, అంత సంపాదించాడు" అని రాసింది. ఫిబ్రవరి 28 రోజుల్లో జీతమున్నవి 24, ఆదివారాలతో కలిపి.

```
Earned = ROUND(Gross*PaidDays/MonthDays,0)
PF     = ROUND(MIN(15000,Basic+Special)*12%,0)
PT     = IF(Earned>20000,200,IF(Earned>15000,150,0))
Net    = Earned-PF-PT
```

రెండో వరుసలోని Basic, Special కూడా 24 రోజులకు తగ్గినవే.

భాగించే సంఖ్యగా కొందరు ప్రతి నెలా 30 పెట్టుకుంటారు, కొందరు 26 పనిదినాలు తీసుకుంటారు. ఏది తీసుకోవాలో కంపెనీ తన నిబంధనల్లో ముందే చెప్పి, ఏడాది పొడుగునా దాన్నే పాటించాలి. 30 ఎందుకు పెట్టలేదని అడిగాను. "31 రోజుల నెలలో ఒక్క రోజే వచ్చి, 30 రోజులు రానివాడికి ఏమిస్తాం సార్? 30తో భాగించి కోస్తే ఆ ఒక్క రోజు జీతమూ పోతుంది. ఫిబ్రవరి మొత్తం రానివాడికేమో రెండు రోజుల జీతం మిగులుతుంది" అంది. నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగిస్తే ఈ రెండు తప్పులూ రావు. దీనికీ ఒక ఖరీదుంది. ఇదే కుర్రాడికి ఒక్క రోజు సెలవు ఫిబ్రవరిలో 829 రూపాయలు, మార్చిలో 748. ఆ తేడాను దాచకుండా, ఆ నెల ఒక్క రోజు విలువ ఎంతో స్లిప్ మీదే అచ్చవుతుంది.

భాగించాల్సింది గ్రాస్‌నే తప్ప సీటీసీని కాదు. 25,000ని 28తో భాగించి నాలుగు రోజులు తీస్తే 3,571 పోతుంది. గ్రాస్ మీదైతే 3,314. ఆ 257 తేడా కంపెనీ పీఎఫ్ వాటా నుంచి కోసినట్టు. ఆ వాటా ఈ నెల తగ్గనే లేదు. అది ఎందుకు తగ్గలేదన్నదే ఈ షీటులో నాకు బాగా నచ్చిన చోటు.

24 రోజులకు గ్రాస్ 19,886 అయింది. అందులో బేసిక్ 10,714, ఇంటద్దె 4,286. స్పెషల్ అలవెన్సును విడిగా లెక్కకట్టలేదు, మిగిలిన 4,886ని అక్కడ పెట్టింది. అందువల్ల మూడూ కూడితే ఎప్పుడూ గ్రాసే వస్తుంది, రూపాయి ఎటూ జారదు. పీఎఫ్‌కు ఇంటద్దె లెక్కలోకి రాదు. కేవలం బేసిక్ మీద లెక్కకట్టే ఆఫీసులున్నాయి. అలాగైతే ఈ కుర్రాడికి నిండు నెలలో 1,500తో సరిపెట్టేవారు. కానీ అందరికీ ఒకేలా నెలనెలా ఇచ్చే అలవెన్సు పీఎఫ్ లెక్కకు బేసిక్‌లో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తేల్చింది. అందుకే ఆవిడ రెండూ కలిపింది: 15,600. పీఎఫ్‌కు తప్పనిసరి పరిమితి 2014 సెప్టెంబరు నుంచి నెలకు 15,000. 15,600 దాన్ని ఇంకా దాటే ఉంది. కాబట్టి నాలుగు రోజులు పోయినా పీఎఫ్ 1,800 దగ్గరే నిలిచింది.

ఇక్కడ పొరపాటు ఎలా జరుగుతుందంటే, జీతంతోపాటు ఆ 15,000 పరిమితిని కూడా 24 రోజులకు తగ్గించేస్తారు. 12,857 మీద 12 శాతం, 1,543. ఉద్యోగి వాటాలో 257, కంపెనీ వాటాలో 257 తక్కువ పడతాయి. పరిమితి నెలకు చెప్పినది, హాజరుకు కాదు. షీటు సరిగా కట్టారో లేదో చూడటానికి సెలవును ఐదు రోజులు చేసి చూడమన్నాను. బేసిక్, స్పెషల్ కలిపి 14,950కి దిగాయి, పీఎఫ్ 1,794 అయింది. కప్పు కిందికి వచ్చిన క్షణం నుంచే తగ్గింది, అంతకుముందు కదల్లేదు. సరైన షీటు ఇలాగే నడవాలి.

వృత్తి పన్ను మాత్రం నాలుగు రోజులకే మెట్టు దిగింది. 19,886 అంటే 20,000 లోపు, కనుక 150. అలవాటుగా 200 కోసేసే ఆఫీసులో ఈ 50 రూపాయలు ఎవరికీ కనబడవు. భాగించే సంఖ్య 30 అయ్యుంటే గ్రాస్ 20,107 అయ్యేది, పన్ను మళ్లీ 200. మొదట తీసుకున్న నిర్ణయం చివరి గడి దాకా ఎలా ప్రయాణిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 19,886లో 1,800, 150 పోతే 17,936. కుర్రాడి బ్యాంకులో పడింది అదే.

షీటు కుడి చివర ఉద్యోగి చూడని గడులు కొన్ని ఉన్నాయి. కంపెనీ కట్టే 1,800లో పింఛనుకు 8.33 శాతం, పీఎఫ్‌కు 3.67 శాతం వెళ్లాలి. 15,000 మీద అవి 1,249.50, 550.50. రెండిటినీ పై రూపాయికి సరిచేస్తే 1,250, 551 అయి మొత్తం 1,801 అవుతుంది. ఆవిడ పింఛను వాటాను మాత్రమే లెక్కకట్టి, 1,800లోంచి దాన్ని తీసి మిగిలిన 550ని పీఎఫ్ గడిలో పెట్టింది. స్పెషల్ అలవెన్సు దగ్గర చూసిన పద్ధతే ఇది. పీఎఫ్ కార్యాలయానికి పంపే ఈసీఆర్ ఫైలులోనూ ఈ గడి తేడాగానే ఉంటుంది. దాని పక్కన ఎన్‌సీపీ రోజులు అనే గడిలో 4 వేసి ఉంది. జీతం లేని రోజులవి. పీఎఫ్ సొమ్ము తగ్గకపోయినా ఆ అంకె వెయ్యాలి, పింఛను సర్వీసు లెక్కకు అది కావాలి. సొమ్ము మారలేదు కదా అని చాలాచోట్ల అక్కడ సున్నా వదిలేస్తారు.

కుర్రాడు చివరిదాకా చదివి, "అయితే నాకు పోయింది నాలుగు రోజుల జీతమే, 3,314. అందులో 50 పన్ను తగ్గి వెనక్కొచ్చింది" అన్నాడు. జనవరిలో పడిన 21,200లోంచి 17,936 తీసి చూసుకున్నాడు. తేడా 3,264. సరిపోయింది.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. "15వ తేదీలోగా పీఎఫ్ కట్టేస్తాం. తర్వాత పాస్‌బుక్ తెరిచి ఫిబ్రవరి వరుస చూడు. నీది 1,800, మాది 550, పింఛనుకు 1,250 ఉండాలి. జనవరి వరుసలోనూ అవే ఉంటాయి. తేడా కనిపిస్తే నా దగ్గరికి రా." కుర్రాడు ఆ మూడు అంకెలూ అరచేతి మీద రాసుకుని వెళ్లాడు.