తుమ్ము ఏ పేజీలో పడాలి?

రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులున్నాయి. అక్కడ ఎందరో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు వాళ్ల చెవికి బాగా తెలుసు, కంటికి అంతగా తెలియదు. అందుకే తెలుగు బొమ్మల పుస్తకాన్ని అమ్మో తాతయ్యో చదివి వినిపించాలి. దాన్ని అనువదించినవారి పనితనమంతా అప్పుడే బయటపడుతుంది.

చెన్నైలోని తూలిక బుక్స్ తెలుగుతో సహా పలు భాషల్లో తెచ్చిన ‘గజపతి కులపతి’నే చూడండి. రచన, బొమ్మలు అశోక్ రాజగోపాలన్‌వి. ఓ పెద్ద ఏనుగు, దానికి జలుబు, ఆపైన తుమ్ము: కథకు కీలకం ఇదే. పేరులోనే దరువుంది. గజపతి నాలుగు లఘువులు, కులపతి నాలుగు లఘువులు. తెలుగులో దాన్ని మార్చే పనే లేదు, చెడగొట్టకుండా ఉంటే చాలు.

చెడగొట్టడం మాత్రం తేలిక. మన భాషలో జలుబు ఎవరికో ‘చేస్తుంది’. కాబట్టి ‘గజపతి కులపతికి తీవ్రమైన జలుబు చేయడంతో గట్టిగా తుమ్మాడు’ అని కలం సాగిపోతుంది. ‘కి’ చేరగానే దరువులో ఒక దెబ్బ ఎక్కువైంది. ‘తీవ్రమైన’ నాలుగేళ్ల పిల్ల ఇంట్లో వినే మాట కాదు. ‘చేయడంతో’ వార్తాపత్రిక వాక్యం. పైగా జలుబు, తుమ్ము ఒకే ఊపిరిలో అయిపోయాయి.

నేర్పరి దీన్ని విడదీస్తారు. నా మాటల్లో చెప్పాలంటే, ‘గజపతి కులపతి! పాపం, జలుబు చేసింది. ముక్కు దిబ్బడేసింది. ఆ... ఆ... ఆ...’ అని పేజీ ఆగాలి. పేజీ తిప్పాక ‘హాచ్!’ అన్న ఒక్క మాటే ఉండాలి. పేరు విడిగా నిలిచి దరువు దక్కింది. వాక్యాలు పొట్టివై, చదివేవారికి ఊపిరి దొరికింది. తుమ్ము కోసం పిల్ల ఎదురుచూస్తుంది.

క్రియాపదం దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. ‘తుమ్మింది’ అంటే జంతువు, ‘తుమ్మాడు’ అంటే మన ఊరివాడు. పేరు పెట్టుకున్న ఏనుగుకు రెండోదే నప్పుతుంది. అయితే తుమ్మాడు, పడుకున్నాడు, లేచాడు అంటూ ప్రతి వాక్యం ‘డు’తోనే ముగిస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మధ్యలో ఒక పిలుపు, ఒక ప్రశ్న, ఒక చప్పుడు పడితే ఆ విసుగు పోతుంది. మాటలు పెరిగితే బొమ్మ పక్కన చోటు చాలదు కనుక, ఒకటి చేర్చాలంటే మరొకటి తీసేయాలి.

అనువాదం కుదిరిందో లేదో తెలియాలంటే, పుస్తకం ముందుగా చూడని అమ్మ చేత బిడ్డకు చదివించాలి. ఆమె తడబడిన చోట వాక్యం పొడవైందని అర్థం. అచ్చులో ఉన్న మాట వదిలి తన మాట వాడిందంటే, అక్కడ అనువాదకుల మాట బిడ్డకు పెద్దదైందని అర్థం. ఆమె అన్న మాటనే రాసుకుని ప్రతి దిద్దుకోగల అనువాదకులకే ఈ పని పట్టుబడుతుంది.