నాలుగు రాష్ట్రాల బడి సెలవులు, ఒక కొండ

తిరుమలకు ఎప్పుడు వెళ్తే త్వరగా దర్శనమవుతుందని ఆలోచించేవాళ్లు ముందు పంచాంగం తీస్తారు. నేను బడి సెలవుల జాబితా తీస్తాను. అది కూడా మన ఒక్క రాష్ట్రానిది చాలదు. తిరుపతికి చెన్నై మూడు నాలుగు గంటల దూరం, బెంగళూరు ఐదారు గంటల దూరం. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దుటికల్లా చేరిపోతారు. మన పిల్లలు బడిలో ఉన్నా వాళ్ల పిల్లలకు సెలవులొచ్చాయంటే క్యూ కదలదు. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక సెలవులను ఒకే కాగితం మీద వరుసగా నాలుగు గీతలుగా గీసుకుంటాను. నాలుగు గీతల్లోనూ ఖాళీ ఉన్న వారమే నాకు కావాల్సింది.

మా బంధువుల్లో ఈ సంగతి తెలిశాక ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగేది ఒకటే: "దసరా సెలవులు అయిపోగానే వెళ్తే ఖాళీగా ఉంటుంది కదా?" ఉండకపోవచ్చు. ఎందుకో 2025 శరదృతువు లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆ ఏడాది ఆంధ్రలో దసరా సెలవులు సెప్టెంబర్ 22న మొదలై అక్టోబర్ 2తో ముగిశాయి. తెలంగాణలో సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా ఇచ్చారు. ఈ రెండే చూసినవాడు అక్టోబర్ మొదటి వారాంతం నుంచే బాగుంటుందనుకుంటాడు. కానీ తమిళనాడులో క్వార్టర్లీ పరీక్షల సెలవులు సెప్టెంబర్ 27న మొదలయ్యాయి, బడులు తెరిచింది అక్టోబర్ 6న. కర్ణాటక దసరా సెలవులు ఇంకా పొడుగు, అక్టోబర్ 7 వరకు. ఆ తర్వాతైనా అయిపోయిందా అంటే, అక్కడ జరుగుతున్న సామాజిక, విద్యా సర్వేకు టీచర్లే ఇల్లిల్లూ తిరగాల్సి రావడంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల సెలవులను అక్టోబర్ 18 దాకా పెంచారు. ముందే అచ్చయిన క్యాలెండర్‌లో ఈ మాట ఎక్కడా లేదు. ఆంధ్రలోనూ అంతే. ముందు ప్రకటించిన తేదీ సెప్టెంబర్ 24, టీచర్లు కోరితే 22కి జరిపారు. సెలవుల జాబితా ఏడాది మొదట్లో ఒకసారి చూసి పక్కన పెట్టేది కాదు, బయల్దేరే ముందు మళ్లీ చూడాలి.

బడి సెలవుల మీద ఇప్పుడు గుడి తేదీలు పెట్టాలి. 2025లో బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్ 24 నుంచి అక్టోబర్ 2 వరకు, అంటే సరిగ్గా దసరా సెలవుల్లోనే. గరుడసేవ 28న, అదీ ఆదివారం. మనవాళ్లు చాలామంది మరిచిపోయేది పెరటాసి. తమిళుల లెక్కలో సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉండే నెల ఇది. శనివారం ఎలాగూ వేంకటేశ్వరుడి రోజు, పెరటాసి శనివారమైతే తమిళనాడు నుంచి బస్సుల మీద బస్సులు వస్తాయి. ఆ ఏడాది చివరి పెరటాసి శనివారం అక్టోబర్ 11. ఆ మరుసటి వారాంతానికి సోమవారం, అంటే 20న, దీపావళి కలిసింది.

ఇక మిగిలిందేమిటి? 11వ తేదీ శనివారానికీ 18వ తేదీ శనివారానికీ మధ్య వారం. అందులోనూ సోమవారం వద్దంటాను. శని, ఆదివారాల్లో వచ్చినవాళ్లందరికీ ఆ రోజే దర్శనం కాదు. ఆదివారం సాయంత్రం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లు స్వామిని చూసేది సోమవారమే. సెలవు ముగిసినా వరుస ఇంకో రోజు మిగిలే ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున మూలవిరాట్టుకు అభిషేకం, కాబట్టి మామూలు భక్తుల దర్శనానికి గంటలు తగ్గుతాయి. అలా తీసేస్తూ పోతే అక్టోబర్ 14, 15, 16 తేలతాయి, మంగళ, బుధ, గురువారాలు. కర్ణాటక ప్రభుత్వ బడుల పిల్లలు ఆ మూడు రోజులూ సెలవుల్లోనే ఉన్నారు. అయినా మిగతా మూడు గీతలూ ఖాళీ. అంతకన్నా మంచి వారం ఆ రెండు నెలల్లో నాకు కనిపించలేదు.

మంగళవారం సంగతి ఇంకొకటుంది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. ఆలయమంతా కడిగి, సుగంధ ద్రవ్యాలు పూసి శుద్ధి చేస్తారు. ఆ ఉదయం కొన్ని గంటలపాటు దర్శనం ఆపుతారు. జులై మధ్యలో అన్ని బడులూ నడుస్తుంటాయి, ఆదివారం తప్ప పెద్ద సెలవేమీ ఉండదు, కాగితం మీద అంతకన్నా హాయైన రోజులు కనపడవు. ఆణివార ఆస్థానం వచ్చేదీ ఆ రోజుల్లోనే. తెలియకుండా ఆ మంగళవారం ఎంచుకుంటే ఖాళీ వారంలో కూడా బయట పడిగాపులే.

పబ్లిక్ హాలిడేల్లో ఏ పండుగ అన్నదాని కన్నా ఏ వారం పడింది అన్నది ముఖ్యం. 2025లో ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది, 16 శనివారం కృష్ణాష్టమి, 17 ఆదివారం. సెలవు చీటీ రాయకుండానే మూడు రోజులు చేతికొచ్చాయి. అదే నెల 27న వినాయక చవితి బుధవారం పడింది. పండుగ పెద్దదే, కానీ ముందూ వెనకా పనిదినాలు. పైగా చవితి ఇంట్లో పూజ చేసుకునే పండుగ, ఆ రోజు ఊరు దాటేవాళ్లు తక్కువ. గురువారం వచ్చే సెలవే అన్నిటికన్నా జిత్తులమారిది. క్యాలెండర్‌లో ఒక్క ఎర్ర అంకె కనిపిస్తుంది. శుక్రవారం ఒక్క రోజు సెలవు పెట్టుకుంటే నాలుగు రోజులని బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో అందరికీ ఒకేసారి తడుతుంది.

అంచనా సరైందో కాదో తెలుసుకోవడానికి చాలామంది పొరపాటు అంకె చూస్తారు. నిన్న ఇంతమంది స్వామిని దర్శించుకున్నారని పేపర్లో రోజూ వస్తుంది కదా, అది రద్దీకి కొలత కాదు. గర్భాలయం ముందు నుంచి రోజుకు ఎంతమంది కదలగలరో దానికో హద్దుంది. ఆ హద్దు దాటాక కొండమీదికి ఎంతమంది వచ్చినా ఆ అంకె పెద్దగా పెరగదు. ప్రత్యేక సేవలున్న రోజున రద్దీ ఎక్కువై కూడా అంకె తగ్గొచ్చు. చూడాల్సింది దాని కింద ఉండే వాక్యాలు: ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, టోకెన్ లేనివారికి సర్వదర్శనానికి ఎన్ని గంటలు. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి క్యూ శిలాతోరణం దాకా వచ్చిందంటే ఇంకేం చదవక్కర్లేదు.

ముందుగా తెలుసుకునే దారి ఇంకొకటుంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఆ రోజు టికెట్ కొనేది లేకపోయినా తెరిచి చూస్తాను. శనివారాలు, సెలవుల పక్క తేదీలు ముందు అయిపోతాయి. చివరిదాకా మిగిలినవి ఏవో రాసుకుని నా కాగితంతో పోల్చుకుంటాను. లక్షల మంది తమ సెలవులు చూసుకుని ఎంచుకోగా మిగిలిన తేదీలవి. నా గీతలకూ వాటికీ పొంతన లేకపోతే నేను ఏదో సెలవు వదిలేశానన్నమాట, మళ్లీ వెతుకుతాను.

వేసవిలో మాత్రం ఈ పద్ధతి పెద్దగా పనిచేయదు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న మన రెండు రాష్ట్రాల్లో బడులు తెరిచేదాకా ఏదో ఒక గీతలో సెలవు ఉంటూనే ఉంటుంది. తెరిచాక కూడా పరీక్షల ఫలితాలకు మొక్కులు తీర్చుకునేవాళ్లు వస్తూంటారు. బడికెళ్లే పిల్లలు లేని ఇల్లయితే ఆ నెలలు వదిలెయ్యండి. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు జరిగే రోజుల్లో, ఉగాది ముందరి మంగళవారం తప్పించి, వారం మధ్యలో వెళ్లండి.