తేడా ఎంత, ఎందువల్ల: బాతెల్‌లో తెలుగైన ఒక నెలసరి నివేదిక

సియాటిల్‌కు ఈశాన్యాన, కింగ్, స్నోహోమిష్ కౌంటీల సరిహద్దు మీద ఉన్న ఊరు బాతెల్. ఇక్కడి తెలుగువాళ్లు కొందరు కలిసి కోస్తా ఆంధ్రలో ఒక చిన్న ఆసుపత్రి నడుపుతున్నారు. లెక్కలు ఇక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషులో తయారవుతాయి. అవి చదివి ఖర్చు అదుపులో పెట్టుకోవలసినవాళ్లు మాత్రం అక్కడి విభాగాధిపతులు: వంటగది, మరమ్మతులు, లాండ్రీ, క్యాంటీన్ చూసేవాళ్లు. ఆ నివేదికను ప్రతి నెలా తెలుగు చేసే ఆవిడ రిటైరైన అకౌంటెంట్. పేరు వేయవద్దన్నారు, ఆసుపత్రి పేరు కూడా. చదువుకోవడానికి ఒక నెల ప్రతి ఇచ్చారు. అంకెలు గుండ్రం చేసి వాడుకుంటున్నాను. ఎంతో శ్రద్ధగా చేసిన పని అది.

బడ్జెట్‌కీ, నిజంగా అయినదానికీ మధ్య తేడాను తెలుగు వాణిజ్య పాఠ్యపుస్తకాలు విచలనం అంటాయి. అనుకూల విచలనం, ప్రతికూల విచలనం అని రెండు రకాలు. ఆవిడ అనుకూలం, ప్రతికూలం ఉంచారు, విచలనం తీసేసి ‘తేడా’ అన్నారు. ‘లెక్కలో తేడా వచ్చింది’ అంటే మన వాడుకలో డబ్బు పోయిందనే అనుమానం ధ్వనిస్తుంది కదా అని అడిగాను. అందుకే ఆవిడ ‘లెక్కలో తేడా’ అని ఎక్కడా రాయలేదు. ప్రతిచోటా ‘అంచనాకూ ఖర్చుకూ తేడా’ అనే రాశారు. రెండు మాటలు ఎక్కువైనా ఆ అనుమానానికి చోటు లేదు.

ప్రతికూలం అన్న మాటను ఒంటరిగా వదలకపోవడం ఇంకా మంచి పని. అమెరికా నివేదికల్లో ఈ రెంటికీ ఎఫ్, యూ అని అక్షరాలు పెడతారు. బ్రిటన్ పద్ధతిలో చదివిన మనవాళ్లకు రెండో అక్షరం ఏ. అక్షరం ఏదైనా అది చెప్పేది ఒక్కటే: ఈ అంకె వల్ల సంస్థ మిగులు పెరిగిందా, తగ్గిందా. ఎవరి పనితనాన్నీ అది తూచదు. తెలుగు పాఠంలో ప్రతి విభాగం మొత్తం తేడా దగ్గర, అనుకూలమైనా ప్రతికూలమైనా, పక్కన ఒక క్రియ ఉంటుంది: ఖర్చు పెరిగింది, ఖర్చు తగ్గింది, రాబడి పెరిగింది, రాబడి తగ్గింది. నాలుగే వాక్యాలు, నెలనెలా అవే. ఖర్చు పెరిగితే ప్రతికూలమనీ, రాబడి పెరిగితే అనుకూలమనీ చదివేవాళ్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పక్కనే రాసి ఉంటుంది.

వంటగది పేజీ దగ్గర ఆగి చూడాలి. ఆ నెల 9,000 భోజనాలకు, ఒక్కోదానికి 60 రూపాయల చొప్పున, 5,40,000 రూపాయలు అంచనా వేశారు. అయిన ఖర్చు 6,09,000. తేడా 69,000, ప్రతికూలం. ఇంగ్లీషు నివేదిక మొదటి వరుస అంతవరకే చెబుతుంది, సుమారు 13 శాతం ఎక్కువని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. వంటగది పెద్దాయన అక్కడితో చదవడం ఆపేస్తే తనను తప్పుపట్టారనే అనుకుంటాడు. ఆ నెల రోగులు ఎక్కువై 10,500 భోజనాలు వండారన్న సంగతి నాలుగు వరుసల కింద, ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అన్న శీర్షికలో ఉంది. ఆ శీర్షికను మాటకు మాట తెలుగు చేస్తే ఎటైనా వంగే బడ్జెట్ అనే అర్థం వస్తుంది, నియమం లేని బడ్జెట్ అనుకునే ప్రమాదముంది. ఆవిడ దాన్ని ‘వండిన భోజనాల లెక్కన రావలసిన ఖర్చు’ అన్నారు. 10,500 భోజనాలను 60తో హెచ్చిస్తే 6,30,000. ఆ తర్వాత తెలుగు పాఠం ఇలా సాగుతుంది:

“అంచనాకూ ఖర్చుకూ తేడా రూ. 69,000, ప్రతికూలం (ఖర్చు పెరిగింది). ఇందులో భోజనాల సంఖ్య పెరిగినందువల్ల వచ్చినది రూ. 90,000, ప్రతికూలం. ఒక్కో భోజనం ఖర్చు రూ. 60 నుంచి రూ. 58కి తగ్గినందువల్ల వచ్చినది రూ. 21,000, అనుకూలం. ఈ 60 రూపాయల్లో ఉన్నవి సరుకులు, గ్యాస్ మాత్రమే, జీతాలు కలపలేదు.”

ఆ చివరి వాక్యం ఇంగ్లీషులో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని పైకి తేవడం నాకు చాలా నచ్చింది. భోజనాలు పెరిగినకొద్దీ బియ్యం, నూనె, గ్యాస్ పెరుగుతాయి. వంటవాళ్ల నెల జీతం పెరగదు. జీతం కూడా ఆ 60లో కలిసి ఉంటే 10,500తో హెచ్చించిన లెక్కంతా తప్పుతుంది, లేని పొదుపు కాగితం మీద కనబడుతుంది. ఆ వాక్యం చదివినవాడికే 21,000 నిజమైన పొదుపని నమ్మకం కుదురుతుంది.

ఈ పేరా పంపేముందు ఆవిడ వంటగది పెద్దాయనకు ఫోన్ చేస్తారు. వేసవిలో ఇక్కడికీ అక్కడికీ పన్నెండున్నర గంటల తేడా, ఇక్కడ రాత్రి భోజనాలయ్యేసరికి అక్కడ పొద్దుటి టిఫిన్ల హడావిడి తగ్గుతుంది. పేరా చదివి వినిపించి, “ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి బాబాయ్ గారూ” అంటారు. మొదటి ముసాయిదా విని ఆయన, “అంటే మా వంటగది అరవై తొమ్మిది వేలు ఎక్కువ తినేసిందని రాశారామ్మా?” అన్నారట. అప్పుడే ఆవిడ ‘అందువల్ల వచ్చినది’ అన్న ప్రయోగాన్ని రెండు వాక్యాల్లోనూ పెట్టారు. మారిన పాఠం విన్నాక ఆయన, “మనుషులు పెరిగారు, మేం మాత్రం తక్కువలోనే వండాం” అన్నారు. ఆ పేరాకు అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

బియ్యం పద్దులో పని మరింత సున్నితం. 10,500 భోజనాలకు తలా 150 గ్రాముల చొప్పున 1,575 కిలోలు పట్టాలి, కిలో 50 రూపాయలు అనుకున్నారు. కొన్నది 46కే, వాడింది 1,650 కిలోలు. ధర వల్ల 6,600 అనుకూలం, వాడకం వల్ల 3,750 ప్రతికూలం, నికరంగా 2,850 అనుకూలం. ఇంగ్లీషు వాక్యంలో కొన్నదెవరో, వాడిందెవరో లేదు, కర్మణి ప్రయోగంలో కర్త మాయమయ్యాడు. ఆవిడ కర్తను తెచ్చి నిలబెట్టారు: ధర తేడా కొనుగోలు విభాగానిది, వాడకం తేడా వంటగదిది. ఇది అనువాదకురాలి ఊహ కాదు. ఏ తేడాకు ఎవరు జవాబు చెప్పాలో బడ్జెట్ పత్రంలోనే ఉంది, అక్కడినుంచి తీసుకున్నారు.

తక్కువ ధరకు వచ్చినవి కొత్త బియ్యం అయి ఉండవచ్చు. కొత్త బియ్యం ఒదగవు, అదే కుండ అన్నానికి ఎక్కువ పోయాలి. వంట తెలిసిన ఎవరికైనా ఈ రెండు అంకెలను పక్కపక్కన చూడగానే ఆ ఆలోచన వస్తుంది, ఆవిడకూ వచ్చింది. అయినా రాయలేదు. ‘కారణం’ అన్న గడిని ఖాళీగా వదిలి, ‘వంటగది, కొనుగోలు విభాగాలు కలిసి రాయాలి’ అని మాత్రం పెట్టారు. అనువాదకుడు కారణం రాస్తే నెల తిరిగేసరికి అదే అధికారికమైన కారణమైపోతుంది. ఈ నిగ్రహం లెక్కలు తెలిసినవాళ్లకే ఎక్కువ కష్టం.

ఖర్చు తక్కువైన చోట వచ్చే చిక్కు వేరు. మరమ్మతుల విభాగానికి అంచనా 1,80,000, ఖర్చు 1,05,000. తేడా 75,000, అనుకూలం, కారణం ‘టైమింగ్’ అని ఇంగ్లీషులో ఒక్క మాట. దీన్ని మిగులు అని తెలుగు చేస్తే ఆ విభాగం పెద్ద ఆ డబ్బుతో ఒక మోటారు కొనేస్తాడు. జరిగిందేమిటంటే జనరేటర్ సర్వీసు వాయిదా పడింది. తెలుగు పాఠంలో ఇలా ఉంది: “ఈ నెల ఖర్చు కాలేదు. జనరేటర్ సర్వీసు వచ్చే నెలకు జరిగింది, ఈ ఖర్చు అప్పుడు వస్తుంది. ఇది మిగులు కాదు.” చివరి మూడు మాటలు మూలంలో లేవు, ఆసుపత్రి కోశాధికారిని అడిగి చేర్చారు.

మన రాష్ట్ర ప్రభుత్వాల పద్దులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కాగ్ ఏటా ఇచ్చే వినియోగ పద్దులు ప్రతి గ్రాంటు కిందా శాసనసభ ఇచ్చినదానికీ ఖర్చయినదానికీ తేడా చూపిస్తాయి. ఎక్కువైతే రాజ్యాంగం 205వ అధికరణం కింద సభ దాన్ని క్రమబద్ధం చేయాలి. తక్కువైతే ఆ పత్రంలో దాని పేరు ఆదా, కానీ అది మెప్పు కాదు. పెద్ద ఆదా కనిపిస్తే అంచనా సరిగా వేయలేదనీ, పని జరగలేదనీ కాగ్ తప్పుపడుతుంది. దాన్నే మన పత్రికలు నిధులు మురిగిపోయాయి అని రాస్తాయి. అనుకూలమనే గడిలో పడిన అంకె వెనక చేయని పని ఉండవచ్చని తెలుగు పాఠకుడికి ఆ మాట ఎప్పుడో చెప్పింది. ఆసుపత్రి నివేదికలో మాత్రం ఆవిడ దాన్ని వాడలేదు. జనరేటర్ డబ్బు మురగలేదు, వాయిదా పడింది, అంతే.

చిన్న మార్పుల్లో రెండు చెప్పి తీరాలి. ‘ఇయర్ టు డేట్’ అన్న నిలువు వరుసకు ‘ఏప్రిల్ నుంచి ఈ నెలాఖరు దాకా’ అన్నది శీర్షిక. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బాతెల్ సాఫ్ట్‌వేర్‌కు జనవరి అలవాటు. ఆ శీర్షికతో సందేహం తీరిపోయింది. అంకెల్లో కామాలు కూడా లక్షల పద్ధతికి మార్చారు.

గుర్తుల విషయంలో ఆవిడ చేసినది మొదట నాకు అతిగా అనిపించింది, ఇప్పుడు కాదు. సాఫ్ట్‌వేర్ ప్రతి వరుసలోనూ అంచనాలోంచి అసలును తీసేస్తుంది. ఖర్చులకు అది సరిపోతుంది. క్యాంటీన్ రాబడి 80,000 అంచనాకు 92,000 వస్తే మాత్రం ఫలితం బ్రాకెట్లలో 12,000 అని, అంటే మైనస్ అని వస్తుంది. పక్కనే అనుకూలం అన్న అక్షరం. లెక్కల రివాజు తెలియనివాళ్లకు బ్రాకెట్లలో ఉన్నది పక్కమాట, వదిలేయదగినది. తెలుగు ప్రతిలో మైనస్సులూ బ్రాకెట్లలో అంకెలూ ఒక్కటి లేవు. తేడా ఎంతో ఉంటుంది, పక్కన అనుకూలమో ప్రతికూలమో ఉంటుంది.

గుర్తులు తీసేస్తే అక్షరం తారుమారైనా కంటికి కనబడదు. అందుకని పంపేముందు తెలుగు ప్రతి మీదే ఆవిడ మళ్లీ మొత్తం కూడతారు, ఇంగ్లీషు చూడకుండా. ఆ నెల మిగతా విభాగాలు అంచనాకు సరిగ్గా ఉన్నాయి. వంటగది 69,000 ప్రతికూలం, మరమ్మతులు 75,000 అనుకూలం, క్యాంటీన్ 12,000 అనుకూలం. నికరం 18,000 అనుకూలం రావాలి. మొదటిసారి 6,000 ప్రతికూలం వచ్చిందట. తేడా 24,000. ఒక వరుసను అటుదిటు వేస్తే మొత్తం దానికి రెట్టింపు తప్పుతుంది కాబట్టి 24,000లో సగం 12,000 ఎక్కడుందో వెతికారు, క్యాంటీన్ వరుసలో ‘ప్రతికూలం’ను ‘అనుకూలం’గా దిద్దారు, మళ్లీ కూడి పంపారు.