15 సెకన్ల జవాబు

ప్రేక్షకుడి కామెంట్‌ను తెరమీద స్టిక్కర్‌గా అతికించి వీడియోలోనే బదులిచ్చే పద్ధతి టిక్‌టాక్‌తో జనంలోకి వచ్చింది. 2021 చివర్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోనూ చేరింది. అమెరికాలో సైన్స్ రచయిత హ్యాంక్ గ్రీన్ ఈ తీరులో ఎన్నో ప్రశ్నలకు జవాబులు చెప్పి పేరు తెచ్చుకున్నారు. అసలు పనితనం మాత్రం 15 సెకన్ల స్క్రిప్టులోనే బయటపడుతుంది.

డాలస్‌లో ఉండే ఒక తెలుగు ఇల్లాలు ఇలా అడిగిందనుకుందాం: “అక్కా, చలికాలంలో దోసె పిండి పులవడం లేదు, ఏం చేయాలి?” ప్రశ్న స్టిక్కర్ మీద కనిపిస్తూనే ఉంటుంది కనుక మళ్ళీ చదవనక్కర్లేదు. “హాయ్ ఫ్రెండ్స్” అన్నా, ప్రశ్న చదివినా నాలుగైదు సెకన్లు పోయినట్టే. చేయి తిరిగిన స్క్రిప్టు నేరుగా ఇలా మొదలవుతుంది:

“ఓవెన్ ఆన్ చేయకుండా, లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నెను రాత్రంతా అందులో ఉంచండి. బల్బు ఇచ్చే వెచ్చదనానికే పులుస్తుంది. ఎల్‌ఈడీ బల్బైతే వేడి చాలదు. పిండి పొంగుతుంది కాబట్టి గిన్నె సగమే నింపండి.”

మొత్తం 26 మాటలు. తొందరపడకుండా చదివినా 15 సెకన్లలో ఒదుగుతాయి. మొదటి వాక్యంలోనే చేయాల్సిన పని ఉంది. వీడియోను మధ్యలో వదిలేసినవాళ్ళకూ జవాబు అందుతుంది. కారణం రెండో వాక్యానికి మించలేదు. అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది మూడో వాక్యం. అది లేకపోతే, ఎల్‌ఈడీ బల్బున్న ఇంట్లో పిండి అలాగే ఉండిపోయి, మర్నాడు అదే ప్రశ్న మళ్ళీ కామెంట్లలోకి వస్తుంది. జవాబు ఎక్కడ పనిచేయదో నాలుగు మాటల్లో చెప్పగలగడం గొప్ప నేర్పు.

స్క్రిప్టును గడియారం పెట్టుకుని పైకి చదివి చూడాలి. 18 సెకన్లు వస్తే ఒక వాక్యం తీసేయాలి. ఇక్కడ తీయగలిగింది రెండోది. కారణం తెలియకపోయినా పిండి పులుస్తుంది. అలా తీయకుండా గొంతు వేగం పెంచి సరిపెట్టడం చేతకాని పని. పెద్దవాళ్ళకు అందులో ఒక్క ముక్కా అర్థం కాదు.

అన్ని ప్రశ్నలూ ఈ చట్రంలో ఇమడవు. “ఇడ్లీ గట్టిగా ఎందుకొస్తోంది?” అన్నదానికి మినప్పప్పు తక్కువవడం, పిండి సరిగా పులవకపోవడం, ఎక్కువసేపు ఉడికించడం వంటి కారణాలు చాలా ఉంటాయి. పప్పు, బియ్యం ఏ పాళ్ళలో వేశారో ముందు అడిగి, ఆ బదులును బట్టి ఒక్క కారణానికే స్క్రిప్టు రాయాలి. మందుల మోతాదు అడిగితే అసలు రాయనే కూడదు.

ఈ పద్ధతికి నకళ్ళే చీడ. కొందరు వేరే అకౌంట్ నుంచి తామే ప్రశ్న రాసుకుని తామే బదులిస్తున్నారు. పోల్చుకోవడం కష్టమేమీ కాదు: నిజమైన ప్రశ్నలో డాలస్ చలి ఉంటుంది, కల్పిత ప్రశ్నలో అమ్మదలచిన వస్తువు పేరుంటుంది. ఇంకొందరు 14 సెకన్లు ఊరించి “జవాబు రెండో భాగంలో” అంటారు. పిండి గిన్నె ముందు పెట్టుకుని అడిగిన మనిషికి అది పచ్చి మోసం. అలాంటి వీడియోకు జవాబు అన్న పేరే తగదు.