పిన్నికి చెప్తానుండు

అప్పటికి నాకూ నా చిన్ననాటి మిత్రుడికీ యాభై దాటాయి. వాడికి షుగర్. పెళ్లి భోజనాల్లో రెండో పూతరేకు కోసం చెయ్యి చాచాడు. "ఒరేయ్, పిన్నికి చెప్తానుండు" అన్నాను. పిన్ని అంటే వాళ్లమ్మ. వాడు ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, నేను అటు తిరగగానే పూతరేకు నోట్లో వేసుకున్నాడు.

ఈ బెదిరింపు ఎందుకు నవ్విస్తుందంటే, చెప్పడానికి అందులో కొత్త కబురేమీ లేదు. కొడుకు తిండి సంగతి పిన్నికి నాకంటే బాగా తెలుసు. అదే చోట "మీ ఆవిడకి చెప్తా" అంటే లెక్క మారిపోతుంది. ఒకసారి ఇంకో మిత్రుడితో సిగరెట్ల గురించి అలాగే అన్నాను, వాళ్లావిడ వినేంత దగ్గర్లో ఉందని చూసుకోకుండా. వాడు మానేశాడనే ఆవిడ అనుకుంటోంది. ఆ సాయంత్రం కాఫీ రాలేదు.

క్రియాపదం కూడా చూసుకోవాలి. "చెప్తా" అంటే ఆట. "చెప్పమంటావా?" అంటే బేరం. అందులో 'చెప్పకుండా ఉండాలంటే నాకేమిస్తావ్' అన్నది దాక్కుని ఉంటుంది. "చెప్తానుండు" అన్నదానికైతే ముహూర్తమే లేదు. నలభై ఏళ్లుగా ఉండమంటూనే ఉన్నాను.

గ్రెగరీ బేట్సన్ అనే మానవ శాస్త్రజ్ఞుడు 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జూలో రెండు కోతిపిల్లలు ఉత్తుత్తి పోట్లాట ఆడుకోవడం చూశాడు. ఆటలో పెట్టే గాటు కాటును గుర్తుచేస్తుంది కానీ కాటు కాదనీ, ఆ సంగతి రెండు పిల్లలకీ తెలిసి ఉండాలనీ 1955లో రాశాడు. మా వ్యవహారం అచ్చంగా అదే. కాకపోతే మా గాటుకి వెనకాల ఒకప్పుడు నిజం కాటు ఉండేది. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి వాడు సినిమాకి పోతే నిజంగానే వెళ్లి చెప్పాను. పిన్ని వాడి వీపు వాయగొట్టింది, నాకేమో జంతికలు పెట్టింది. ఆ జంతికల బాకీ వాడు ఇప్పటికీ వదల్లేదు. చిన్నప్పుడు ఒక్కసారైనా చెప్పి ఉండకపోతే ఈ మాటకి ఇంత రుచి వచ్చేది కాదేమో. పాతికేళ్లు దాటాక పరిచయమైన వాళ్లతో అని చూశాను. "మీకు మా అమ్మ తెలుసా?" అని అమాయకంగా అడిగారు.

రెండేళ్ల కిందట పిన్ని పోయింది. నెలమాసికాలవీ అయ్యాక, బజ్జీల బండి దగ్గర వాడు మూడో బజ్జీ తీశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఉల్లిపాయలు వేయమని బండివాడితో ఏదో అన్నాను.

వాడు బజ్జీ కొరకలేదు. చేతిలో పట్టుకుని నావంకే చూస్తున్నాడు.

"ఏరా, చెప్పవా?"

"చెప్తానుండు," అన్నాను.

అప్పుడు కొరికాడు.