ఎనిమిది కాదు, పది వోల్టులు

హైటెక్ సిటీ, గచ్చిబౌలిల్లోని చిప్ డిజైన్ కంపెనీల ఇంటర్వ్యూలకు తయారయ్యే ఈసీఈ పిల్లలు నెట్‌వర్క్స్ పుస్తకం మళ్లీ తిరగేస్తారు. సూపర్‌పొజిషన్ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఒకే చోట తప్పటడుగు వేస్తారు. ఒక సోర్స్‌ను ఉంచి మిగతావి ఆపెయ్యాలని నేర్చుకున్నారు కదా, ఆ ఊపులో డైమండ్ గుర్తున్న డిపెండెంట్ సోర్స్‌నూ ఆపేస్తారు.

ఒక లెక్క చూద్దాం. 12 వోల్టుల సోర్స్ నుంచి 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా i అనే కరెంటు ఒక నోడ్‌లోకి వస్తోంది. నోడ్ నుంచి గ్రౌండ్‌కు ఇంకో 2 కిలో ఓమ్‌లు. అదే నోడ్‌లోకి 2 మిల్లీయాంపుల ఇండిపెండెంట్ సోర్స్ ఒకటి, 2i కరెంటు ఇచ్చే డిపెండెంట్ సోర్స్ ఒకటి. నోడ్ వోల్టేజ్ ఎంత?

డిపెండెంట్ సోర్స్‌ను ఆపేసినవారికి 12 వోల్టుల వల్ల 6, కరెంటు సోర్స్ వల్ల 2, మొత్తం 8 వస్తుంది. ఆ తర్వాత దాన్నొక్కదాన్నే ఉంచి చూస్తారు. మిగతా రెండూ ఆగిపోయాయి కాబట్టి i సున్నా, అదిచ్చేదీ సున్నా. లెక్క కుదిరినట్టే ఉంటుంది, అసలు మోసం అక్కడే. 8 వోల్టులైతే i 2 మిల్లీయాంపులు కావాలి. అప్పుడు నోడ్‌లోకి 2, 4, 2 కలిపి 8 వస్తుంటే, బయటికి 4 మాత్రమే పోతోంది. కిర్కాఫ్ నియమం తప్పింది. ఆ 8 వోల్టులు డిపెండెంట్ సోర్స్ అసలే లేని వేరే సర్క్యూట్ జవాబు.

దాన్ని రెండుసార్లూ ఉంచి చేస్తే 12 వోల్టుల వల్ల 9, కరెంటు సోర్స్ వల్ల 1, వెరసి 10 వస్తుంది. రెండో సందర్భంలో i మైనస్ 0.5 మిల్లీయాంపు. అంటే డిపెండెంట్ సోర్స్ నోడ్‌లోంచి 1 మిల్లీయాంపు బయటికి లాగుతోంది. విద్యార్థి గమనించాల్సింది ఇదే: అది తనంతట తాను ఏమీ ఇవ్వదు, i ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ట్రాన్సిస్టర్ స్మాల్ సిగ్నల్ మోడల్‌లో ఉండేదీ ఇలాంటి సోర్సే. దాన్ని తీసేస్తే యాంప్లిఫయర్‌లో మిగిలేవి రెసిస్టర్లే.

స్పైస్‌లో దీన్ని ఇలా రాస్తారు:

```
F1 0 2 VX 2
```

ఇందులో 0 గ్రౌండ్, దాని పక్కనున్న 2 మన నోడ్. VX అంటే i కొలవడానికి దాని దారిలో పెట్టిన సున్నా వోల్టుల సోర్స్. సూపర్‌పొజిషన్ సరిచూడాలంటే 12 వోల్టుల V1, 2 మిల్లీయాంపుల I1 విలువల్లో ఒక్కోసారి ఒకదాన్ని సున్నా చెయ్యాలి. F1 జోలికి పోకూడదు.

ఎప్పుడూ ఆపనే కూడదా? జార్జియా టెక్ ప్రొఫెసర్ మార్షల్ లీచ్ కూడదనలేదు. డిపెండెంట్ సోర్స్‌నూ విడిగా తీసుకోవచ్చు, కానీ దాని విలువలోని i పూర్తి సర్క్యూట్‌లోని అసలు i అయి ఉండాలన్నారు. ఇక్కడ దాని వాటా, కిలో ఓమ్‌లు, మిల్లీయాంపుల్లో, 2i వోల్టులు. నోడ్ వోల్టేజ్ 6 + 2 + 2i. ఆ 12 వోల్టుల దారిలో చూస్తే i = 2 − i. అంటే i 1 మిల్లీయాంపు, వోల్టేజ్ 10. ఈ చివరి మెట్టు దాకా i తెలియని రాశిగానే ఉండాలి. ముందే సున్నా రాసేస్తే మళ్లీ 8 వస్తుంది.