నాలుగో మార్కు ఎవరిది?

పలమనేరు మిత్రుడొకరు రాసిన కథను ఈ మధ్య చేతిరాతలో చదివాను. ఇంకా అచ్చుకాని కథ కనుక ఆయన పేరు చెప్పడం లేదు. చర్చకు మాత్రం ఆయన ఒప్పుకున్నారు.

కథాకాలం 1979 వేసవి. తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షల్లో తెలుగు మాస్టరు పేపర్లు దిద్దుతుంటాడు. ఒక కుర్రవాడికి వ్యాసం మినహా తక్కినవన్నీ కలిపి 31 మార్కులు వచ్చాయి. పాసు కావడానికి 35 కావాలి. పది మార్కుల వ్యాసానికి మూడు వేస్తే తప్పుతాడు, నాలుగు వేస్తే గట్టెక్కుతాడు. వాడు రాత్రిళ్లు పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసి, తెల్లారి నాలుగు మైళ్లు నడిచి బడికొచ్చే పిల్లవాడు. ఒక్కరోజు బడి మానడు, రెండుసార్లు చెబితే గాని అర్థం కాదు. రాత్రంతా మథనపడిన మాస్టరు చివరికి నాలుగు వేసి, బరువు దిగినట్టు నిట్టూరుస్తాడు.

కథ చదివిస్తుంది. లాంతరు వెలుగు, పేపర్ల కట్ట, ఎర్రసిరా, అన్నీ అనుభవంలోంచి వచ్చినవే. ఆ మార్కు తప్పితే కుర్రవాడు మల్బరీ తోటకే పరిమితమైపోతాడన్న భయమూ నిజమైనదే. కాని ఇది ఒక వ్యాసం గురించిన కథ. ఆ వ్యాసంలోని ఒక్క వాక్యమైనా కథలో లేదు! 'రైతు' మీద రాశాడని, 'అంతంత మాత్రంగా' ఉందని రచయిత చెప్పి ఊరుకున్నారు. కుర్రవాడి కష్టానికి మూడు పేజీలు దక్కాయి, వాడి రాతకు మూడు మాటలు.

ఇది శిల్పంలో లోపంగా కనిపించినా, మూలం దృక్పథంలో ఉంది. వ్యాసాన్ని దాచడం వల్ల సమస్య మాస్టరు మనసులోకి వెళ్లిపోయింది. నియమమా, దయా? మధ్యతరగతి మానవతావాదానికి ఇష్టమైన ప్రశ్న ఇది. దయ గెలిస్తే మాస్టరు దాత అవుతాడు, కుర్రవాడు యాచకుడవుతాడు. నియమం గెలిచి మూడే వేసినా కథ మారదు. రెండింటిలోనూ కుర్రవాడి రాత ఎవరికీ అక్కర్లేదు.

ఇలాంటి పేపరు మా చేతుల్లోకి ఎలా వస్తుందో చెబుతాను. మొదటి పేజీ గైడులోంచి బట్టీ పట్టినది. రైతు దేశానికి వెన్నెముక, నాగలి, గేదె, పచ్చని పైరు. దానికి మేము టిక్కు పెడతాం. తర్వాత బట్టీ పట్టింది అయిపోతుంది. అక్కడినుంచి వాడి సొంత మాట. మడక, ఎనుము, 'కూలి ఇచ్చినాక పోయినాము'. ఎర్రసిరా మొదలయ్యేది అక్కడే. 'ఎనుము' కొట్టి 'గేదె' అని నేనూ రాశాను, ఒకసారి కాదు. తమిళ, కన్నడ సరిహద్దుల మధ్య ఉన్న ఈ సీమలో పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పరీక్ష అడిగే తెలుగు వేరు. కష్టపడి చదివే పిల్లవాడు అరువు మాటలకు మార్కు తెచ్చుకుని, సొంత మాటలకు పోగొట్టుకుంటాడు.

ఈ తగవు కొత్తదీ కాదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘం గ్రాంథికం వైపు మొగ్గినప్పుడు గురజాడ అప్పారావు అసమ్మతి పత్రం రాశారు. నాడు తగవు గ్రాంథికానికీ వ్యావహారికానికీ మధ్య. వ్యావహారికం నెగ్గింది. కాని నెగ్గిన వ్యావహారికంలో మా పలమనేరు పల్లెల మాటకు ఎంత చోటు దక్కిందో ఎర్రసిరా చెబుతుంది.

మరి తప్పులే లేవా? ఉన్నాయి. 'నీళ్లు' బదులు 'నీల్లు' రాస్తే దిద్దాలి. వాక్యం మధ్యలో తెగి అర్థం చెడితే మార్కు తగ్గించాలి. 'ఇచ్చినాక' అన్నది మాత్రం తప్పు కాదు, సీమ తెలుగు. ఈ తేడా చూసి దిద్దితే ఆ వ్యాసానికి న్యాయంగానే నాలుగు రావచ్చు. న్యాయంగానే రెండూ రావచ్చు. చదివితే గాని తెలియదు.

అయినా ఆ మూడుకూ నాలుగుకూ మధ్య గీత అంత గట్టిదా? 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. ఒకరు 64 వేస్తే ఒకరు 98 వేశారు. ఇంత ఊగే త్రాసును కదలని నియమంగా నమ్మి మథనపడే మాస్టరు నిజాయితీపరుడే. తన త్రాసును మాత్రం ఒక్కసారీ అనుమానించడు. రచయిత కూడా అనుమానించలేదు.

మిత్రుణ్ని నేను కోరేది ఒకటే. ముగింపు మార్చనక్కర్లేదు. ఆ అరపేజీ వ్యాసాన్ని, కొట్టివేతలతో సహా, కథలో పెట్టండి. మాస్టరు తాను కొట్టిన 'ఎనుము' దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు నాలుగో మార్కు దానం కాదు, బాకీ.